హైదరాబాద్‌కు కొత్తగా వచ్చిన మహిళ: హెల్ప్‌లైన్లు, పోలీస్ స్టేషన్లు, ఫిర్యాదు మార్గాలు

నిర్వచనం, పరిధి

వేధింపు, హింస, భయం ఎదురైనప్పుడు మహిళ ఫోన్ చేసి సాయం పొందడానికి ప్రభుత్వం ఇరవై నాలుగు గంటలూ నడిపే నంబరును మహిళా హెల్ప్‌లైన్ అంటారు. ఫిర్యాదు ఇంకోటి. జరిగినదాన్ని నేరంగా నమోదు చేసి దర్యాప్తు చేయమని పోలీసులను కోరడం ఫిర్యాదు. ఊరికి కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ రెంటి మధ్యే. ఫోన్ చేస్తే గస్తీ పోలీసులు వస్తారు, వేధిస్తున్న మనిషిని పట్టుకుంటారు లేదా అక్కడి నుంచి పంపించేస్తారు. అంతమాత్రాన కేసు నమోదైనట్టు కాదు. మర్నాడు అదే మనిషి మళ్లీ ఎదురైతే, నిన్నటి సంగతి ఏ కాగితం మీదా లేదని అప్పుడు తెలుస్తుంది.

చదువుకో, కోచింగ్‌కో, ఉద్యోగానికో వచ్చి అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, మాదాపూర్ హాస్టళ్లలో దిగే యువతులకు ఎదురయ్యే పరిస్థితులే ఈ వ్యాసానికి ఆధారం. ముఖ్యంగా వెంటపడటం అనే నేరాన్ని తీసుకుని ఫోన్ కాల్ నుంచి ఎఫ్‌ఐఆర్ దాకా దారి ఎలా ఉంటుందో ఇందులో చూడవచ్చు.

చరిత్ర

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత జస్టిస్ వర్మ కమిటీ ఏర్పడింది. దాని సిఫారసుల మీద 2013లో వచ్చిన చట్ట సవరణ వెంటపడటాన్ని, చాటుగా చూడటాన్ని, ఫొటోలు తీయటాన్ని మొదటిసారి విడి నేరాలుగా గుర్తించింది. అంతకుముందు ఇలాంటి ఫిర్యాదులకు ‘ఈవ్ టీజింగ్’ అనే తేలికపాటి పేరు ఉండేది. తిట్టి పంపేయడంతో చాలావాటికి తెరపడేది. అదే ఏడాది ఏర్పాటైన నిర్భయ నిధి నుంచి తర్వాతి కాలంలో 112 అత్యవసర వ్యవస్థకు, సఖి కేంద్రాలకు డబ్బు సమకూరింది.

తెలంగాణ ఏర్పడిన ఏడాదే, 2014 అక్టోబరు 24న, హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. బస్‌స్టాపులు, కాలేజీలు, మార్కెట్ల దగ్గర మఫ్టీలో తిరుగుతూ, వేధింపును వీడియో తీసి, అక్కడికక్కడే పట్టుకోవడం వీటి పద్ధతి.

2019 నవంబరులో శంషాబాద్ సమీపంలో ఒక పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య పోలీసు వ్యవస్థలోని పాత లోపాన్ని బయటపెట్టింది. కూతురు కనిపించడం లేదని వెళ్లిన కుటుంబాన్ని ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పినందుకు, ఎఫ్‌ఐఆర్ ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ గురించి తెలుగు ఇళ్లలో మాట్లాడుకోవడం ఆ తర్వాతే ఎక్కువైంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ పద్ధతిని చట్టంలోనే రాసింది.

నంబర్లు: ఏది దేనికి

ఆపద అప్పుడే నడుస్తుంటే 112. పోలీసు, అంబులెన్స్, ఫైర్ మూడింటికీ ఇదే నంబరు. పాత 100 కూడా పనిచేస్తుంది. ఫోన్ లాక్‌లో ఉన్నా ఈ కాల్ వెళుతుంది. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు, బటన్ల ఫోన్‌లో 5 లేదా 9ని కాసేపు నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లేలా ఫోన్లు తయారుచేయాలని 2016 నాటి కేంద్ర నిబంధన చెబుతోంది. కొన్ని మోడళ్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. ఫోన్ కొన్న రోజే చూసుకోవలసిన విషయమిది.

కాల్ కలవగానే ముందు చెప్పాల్సింది ఏం జరిగిందో కాదు, ఎక్కడున్నారో. మాట మధ్యలో లైన్ తెగినా బండి బయల్దేరాలంటే చోటు తెలియాలి. టవర్ ఆధారంగా తెలిసే లొకేషన్ కొన్ని వీధుల అవతలికి చూపించవచ్చు. హైదరాబాద్‌లో దీనికి చక్కటి ఆసరా ఉంది. మెట్రో స్తంభాలన్నిటి మీదా నంబరు ఉంటుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద కూడా అడ్రసంటే పిల్లర్ నంబరే. వీధి పేరు తెలియని మనిషి తల పైకెత్తి స్తంభం మీది నంబరు చదివితే, గస్తీ తిరిగే బ్లూకోల్ట్స్ బైకులకు అంతకన్నా కచ్చితమైన గుర్తు అక్కర్లేదు. స్తంభం కనబడకపోతే దుకాణం బోర్డు మీద ఉండే అడ్రసు చదవాలి.

ఆపద ఈ క్షణానిది కాకపోయినా ఏం చేయాలో తోచనప్పుడు 181. ఇది మహిళా శిశు సంక్షేమ శాఖ నంబరు, పోలీసులది కాదు. ఇక్కడ మాట్లాడేవారు కౌన్సెలింగ్ ఇస్తారు, సఖి కేంద్రానికి దారి చూపుతారు, అవసరమైతే పోలీసులకు కలుపుతారు. సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, కౌన్సెలింగ్‌తో పాటు సాధారణంగా 5 రోజుల దాకా తలదాచుకునే వసతి ఉంటుంది. హాస్టల్ యజమానే వేధిస్తే రాత్రికి రాత్రి ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు నగరంలో బంధువులు లేని అమ్మాయికి దొరికే జవాబు ఇదే. అయితే 181కి ఎవరినీ అరెస్టు చేసే అధికారం లేదు.

ఆటోలోనో క్యాబ్‌లోనో ఒంటరిగా వెళ్లేటప్పుడు టీ-సేఫ్ ఉంది. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో దీన్ని ప్రారంభించారు. 100కు ఫోన్ చేసి 8 నొక్కితే ప్రయాణం ముగిసేదాకా గమనిస్తారు, మధ్యలో క్షేమమేనా అని అడుగుతారు. స్పందన లేకపోతే పోలీసులు ఆరా తీస్తారు. యాప్ లేని ఫోన్ నుంచీ పనిచేయడం దీనిలోని మేలు.

డబ్బు పోయిన సైబర్ మోసానికి 1930. ఫొటోలతో బెదిరింపు, నకిలీ ప్రొఫైల్, అశ్లీల సందేశాల లాంటివాటిని cybercrime.gov.in లో నమోదు చేయాలి. మహిళలు, పిల్లలపై నేరాలకు అందులో విడిగా ఒక విభాగం ఉంది. కొన్నిటిని పేరు చెప్పకుండానే తెలపవచ్చు. కాకపోతే పేరు లేని సమాచారం మీద అడుగు ముందుకు పడటం కష్టం. పూర్తి కేసు కావాలనుకుంటే పేరుతోనే ఇవ్వాలి.

దగ్గరి స్టేషన్, పరిధి స్టేషన్

ఫోన్ మ్యాప్‌లో ‘పోలీస్ స్టేషన్’ అని వెతికితే దూరంలో దగ్గరిది కనిపిస్తుంది. తాను ఉంటున్న వీధి దాని కిందికే వస్తుందన్న హామీ లేదు. అమీర్‌పేట చుట్టుపక్కల ఎస్సార్ నగర్, పంజాగుట్ట స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. పక్కపక్క వీధులే వేర్వేరు స్టేషన్ల కిందికి వెళ్లవచ్చు. పైగా నగరం ఒకటే అయినా కమిషనరేట్లు ఒకటి కాదు. పంజాగుట్ట హైదరాబాద్ కమిషనరేట్‌లోది, మాదాపూర్ సైబరాబాద్‌లోది. అమీర్‌పేటలో ఉంటూ మాదాపూర్‌లో పనిచేసే అమ్మాయి రోజూ రెండు పోలీసు వ్యవస్థల మధ్య తిరుగుతుంది. ఈ హద్దులు అప్పుడప్పుడు మారుతుంటాయి కూడా. కాబట్టి హాస్టల్లో చేరిన వారంలోనే వార్డెన్‌నో పక్క దుకాణాన్నో అడిగి తమ వీధి ఏ స్టేషన్ కిందిదో కనుక్కోవడం మంచిది.

ఆపదలో ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. దీపం వెలుగుతున్న స్టేషన్ ఏది కనిపిస్తే అందులోకి వెళ్లవచ్చు. నేరం ఎక్కడ జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, తర్వాత అసలు స్టేషన్‌కు పంపాల్సిన పని పోలీసులది.

బేగంపేట, సరూర్‌నగర్ లాంటి చోట్ల మహిళా పోలీస్ స్టేషన్లు ఉన్నాయి. అక్కడికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం భర్త, అత్తింటివారి వేధింపులవి. వీధిలో వెంటపడే మనిషి మీద ఫిర్యాదుకు అంత దూరం వెళ్లనక్కర్లేదు, మామూలు స్టేషన్ చాలు. లైంగిక వేధింపు, వెంటపడటం వంటి నేరాల్లో బాధితురాలు చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలని చట్టం. స్టేషన్‌లో మహిళా సిబ్బంది ఎవరున్నారని అడగడం హక్కు కిందికే వస్తుంది.

షీ టీమ్స్: బలం, పరిమితి

స్టేషన్ గడప తొక్కడానికి జంకేవారికి షీ టీమ్ సులువైన దారి. హైదరాబాద్ కమిషనరేట్ షీ టీమ్స్ వాట్సాప్ నంబరు 9490616555. ఫిర్యాదు చేసినవారి వివరాలు బయటపెట్టరు. ఒక చోట, ఒక వేళకు రోజూ వేధింపు జరుగుతోందని చెబితే బృందం మఫ్టీలో ఆ చోటికే వచ్చి కాపు కాసి, కెమెరాలో చిత్రీకరించి పట్టుకున్న సందర్భాలు అనేకం. అందువల్ల ఆ సందేశంలో చోటు, వేళ, మనిషి ఆనవాళ్లు ఎంత స్పష్టంగా ఉంటే అంత మేలు.

పట్టుకున్నాక ఏం చేస్తారన్నది ఫిర్యాదుదారు కోరికనూ నేర తీవ్రతనూ బట్టి ఉంటుంది. కొందరిని కుటుంబసభ్యుల ఎదుట కౌన్సెలింగ్ ఇచ్చి పంపుతారు. కొందరిపై పెట్టీ కేసు, కొందరిపై ఎఫ్‌ఐఆర్ పెడతారు. మొదటిసారి తప్పు చేసిన కుర్రవాడి విషయంలో కౌన్సెలింగ్ చాలామందికి సరిపోతుంది. నెలల తరబడి వెంటపడుతున్నవాడికి అది చాలదు. ఎఫ్‌ఐఆర్ కావాలనుకునే మహిళ ఆ మాట మొదటి సందేశంలోనే రాయాలి. రాయకపోతే వ్యవహారం కౌన్సెలింగ్‌తో ముగిసిపోయే అవకాశం ఎక్కువ.

ఒక ఫిర్యాదు నడక

ఒక ఊహా సందర్భం తీసుకుందాం. ఖమ్మం జిల్లా నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న ఉద్యోగిని. రాత్రి మెట్రో దిగిన దగ్గర నుంచి ఒక వ్యక్తి హాస్టల్ గేటు దాకా వెనకే వస్తున్నాడు. మూడోరోజు ఇన్‌స్టాగ్రామ్‌లో ‘ఎందుకు మాట్లాడవు’ అని సందేశం పెట్టాడు.

భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, మహిళ ఇష్టం లేదని స్పష్టం చేసినా పదేపదే వెంటపడటం, మాట కలపాలని చూడటం నేరం. ఆమె ఇంటర్నెట్ వాడకాన్ని గమనిస్తూ ఉండటమూ నేరమే. ఈ ‘ఇష్టం లేదని స్పష్టం చేయడం’ దగ్గరే చాలా కేసులు బలహీనపడతాయి. జవాబివ్వకుండా ఉండటమే నిరాకరణ అని ఆమెకు తెలుసు, కోర్టులో అవతలి లాయరు మాత్రం ‘వద్దని ఎప్పుడు చెప్పారు?’ అని అడుగుతాడు. అందుకని ఒకే ఒక్క జవాబు రాతలో ఉండటం మంచిది: ‘నాకు మెసేజ్ చేయవద్దు, నా వెంట రావద్దు.’ ఆపైన వాదన వద్దు. ఎదురుపడి చెప్పాల్సిన అవసరం అసలే లేదు.

తర్వాత ఆ సంభాషణను ఉన్నది ఉన్నట్టు భద్రపరచాలి. భయంతో వెంటనే బ్లాక్ చేసి, చాట్ తీసేయడం అందరూ చేసే పని. దాంతో ఆధారం పోతుంది. ముందు ప్రొఫైల్ పేరు, దాని లింకు, సందేశం, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, వాటిని ఇంకొకరికి మెయిల్ చేసి, ఆ తర్వాత బ్లాక్ చేయాలి. స్క్రీన్‌షాట్‌ను కత్తిరించకూడదు, దాని మీద గీతలు గీయకూడదు. ఎలక్ట్రానిక్ ఆధారానికి కోర్టులో సాక్ష్య చట్టం ప్రకారం ధ్రువపత్రం కావాలి కాబట్టి సందేశాలు వచ్చిన అసలు ఫోన్‌ను అమ్మకుండా, రీసెట్ చేయకుండా ఉంచుకోవాలి.

వీధిలో జరిగినదానికి ఆధారం సీసీ కెమెరా. కొత్త రికార్డింగ్ పడేకొద్దీ పాతది చెరిగిపోతుంది. కొన్ని దుకాణాల్లో వారం దాటితే ఏమీ మిగలదు. కాబట్టి ఫిర్యాదులోనే ఏ కెమెరాలు చూడాలో రాయాలి. ఫిర్యాదు ఇలా ఉంటుంది:

‘నేను ఫలానా హాస్టల్లో ఉంటూ మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ నెల 4, 5, 6 తేదీల్లో రాత్రి 8.30, 9 మధ్య అమీర్‌పేట మెట్రో స్టేషన్ నుంచి హాస్టల్ గేటు దాకా ఒక వ్యక్తి నన్ను వెంబడించాడు. వయసు సుమారు 25, సన్నగా ఉంటాడు, ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉంది. 6వ తేదీ రాత్రి 9.20కి ఇన్‌స్టాగ్రామ్‌లో సందేశం పంపాడు. వద్దని 9.25కి రాశాను. 7వ తేదీన మళ్లీ వెంబడించాడు. దారిలో మెడికల్ షాపు ముందు, హాస్టల్ గేటు మీద కెమెరాలున్నాయి. ఆ రికార్డింగులు చెరిగిపోకముందే సేకరించి, కేసు నమోదు చేసి, ఎఫ్‌ఐఆర్ ప్రతి ఇప్పించగలరు.’

‘ఒకడు రోజూ ఇబ్బంది పెడుతున్నాడు, చర్య తీసుకోండి’ అన్న ఒక్క వాక్యంతో దీన్ని పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. వద్దన్న తర్వాత 7వ తేదీన మళ్లీ రావడమే ఇందులో కీలకం. ఫిర్యాదు తెలుగులో రాయవచ్చు. నోటితో చెబితే పోలీసులే రాసి చదివి వినిపించాలి. మెయిల్ ద్వారానో ఆన్‌లైన్‌లోనో పంపితే 3 రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి.

నమోదైందా లేదా

స్టేషన్ నుంచి వచ్చేటప్పుడు చేతిలో ఏముందో చూసుకోవాలి. పిటిషన్ తీసుకున్నట్టు ఇచ్చే రసీదు వేరు, ఎఫ్‌ఐఆర్ వేరు. ఎఫ్‌ఐఆర్ మీద స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, సంవత్సరం, సెక్షన్లు ఉంటాయి. దాని ప్రతి ఉచితంగా ఇవ్వాలి. ‘చూస్తాం, వెళ్లమ్మా’ అన్న మాటతో బయటికొస్తే నమోదు కానట్టే. లైంగిక నేరాల ఎఫ్‌ఐఆర్‌లు సాధారణంగా పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టరు కాబట్టి ఆన్‌లైన్‌లో కనబడలేదని కంగారు పడనక్కర్లేదు.

మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు పోలీసులకు ఉంది. వెంటపడటానికి మొదటిసారి శిక్ష గరిష్ఠంగా మూడేళ్లు కాబట్టి ఈ మాట వినిపించవచ్చు. అప్పుడు విచారణ మొదలైన తేదీ రాతపూర్వకంగా అడగాలి. నమోదు చేయడానికే నిరాకరిస్తే అదే ఫిర్యాదును డీసీపీకో కమిషనర్‌కో రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. లాయరు ఖర్చుకు వెనకాడనవసరం లేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయసాయం పొందే హక్కు ఉంది, దాని నంబరు 15100. కొన్ని తీవ్రమైన లైంగిక నేరాల్లో సమాచారం నమోదు చేయని అధికారికే 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు శిక్ష ఉంది.

కేసు పెట్టగానే అవతలి వ్యక్తి జైలుకు వెళతాడనుకోవడం పొరపాటు. వెంటపడటం మొదటిసారి బెయిలబుల్ నేరం. చాలాసార్లు అరెస్టు బదులు నోటీసు ఇచ్చి పిలుస్తారు. అతడు మర్నాడే అదే వీధిలో కనిపించవచ్చు. ఫిర్యాదు చేసిన అమ్మాయి దీనికి సిద్ధపడాలి. కొన్నాళ్లు దారి, వేళ మార్చుకోవాలి, హాస్టల్ వార్డెన్‌కు క్రైమ్ నంబరు ఇచ్చి ఉంచాలి. మళ్లీ వెంటపడితే అదే రోజు దర్యాప్తు అధికారికి రాతలో తెలపాలి. ఒకసారి శిక్ష పడినవాడు మళ్లీ ఈ నేరం చేస్తే ఐదేళ్ల దాకా శిక్ష, అప్పుడు బెయిలు హక్కుగా రాదు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు బాధితురాలికి పోలీసులు తెలియజేయాలి.

ఆఫీసులో వేధింపు

వేధించేది సహోద్యోగో పైఅధికారో అయితే 2013 నాటి చట్టం కింద మరో దారి ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ తప్పనిసరి. ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణముంటే మరో 3 నెలలు గడువిస్తారు. పదిమంది లేని దుకాణం, క్లినిక్, ఇంటి పని అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. కమిటీకి చెప్పినంత మాత్రాన పోలీసు ఫిర్యాదు హక్కు పోదు, రెండూ ఒకేసారి నడపవచ్చు. ‘ముందు కమిటీ తేల్చాకే పోలీసుల దగ్గరికి వెళ్లాలి’ అని ఆఫీసులో చెప్పే మాటకు చట్టంలో ఆధారం లేదు.

ఇతర నగరాల్లో

112, 1930, 15100 దేశమంతటా, 181 దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ పనిచేసే నంబర్లు. బెంగళూరు, చెన్నై, పుణెలకు వెళ్లే తెలుగు ఉద్యోగినులకూ ఇవే వర్తిస్తాయి. షీ టీమ్స్, టీ-సేఫ్ మాత్రం తెలంగాణవి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దిశ యాప్ వచ్చింది, 2025లో శక్తి యాప్ వచ్చింది. హైదరాబాద్‌లో జరిగిన వేధింపు మీద సెలవుకు ఇంటికెళ్లిన అమ్మాయి ఖమ్మంలోనో కర్నూలులోనో ఫిర్యాదు ఇచ్చినా, జీరో ఎఫ్‌ఐఆర్ రాసి హైదరాబాద్‌కు పంపాల్సిన బాధ్యత అక్కడి స్టేషన్‌దే.